అత్తయ్య పాడనన్న పాట

మొన్న తిరువూరు బస్టాండు దగ్గర గంపలగూడెం వెళ్ళే షేర్ ఆటో ఎక్కి, వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళకీ ఒక ఎరువుల బస్తాకీ మధ్య ఎలాగో సర్దుకుని కూర్చున్నానో లేదో, పక్కనున్నావిడ చేతిలోని ఫోన్లోంచి ముప్ఫై ఏళ్ళ నాటి మా అత్తయ్య గొంతు వినపడింది. పాత క్యాసెట్టులోంచి ఎవరో ఎక్కించినట్టున్నారు, వెనక గరగరమనే చప్పుడు కూడా అలాగే ఉంది. పాట అయ్యాక ఆవిడ రెండో ఆవిడతో, దీన్ని ఎవరో పత్తి తీసే ఆడమనిషే కట్టుకుని ఉంటుంది, మగవాడికి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి అంది. రాసింది నేనేనమ్మా అనబోయి నాలుక కొస దాకా వచ్చిన మాటని మింగేశాను. పొగడ్తని కాదనుకునేంత గొప్పవాణ్ణి కాను గాని, ఆ మాట వినగానే ముందుగా కలిగింది గర్వం కాదు, గండం గడిచిందన్న నిశ్చింత. ఎందుకంటే నేను మొదట రాసింది ఆ పాట కాదు. అదే గనక క్యాసెట్టుకి ఎక్కి ఉంటే, ఆ ఆటోలో నేను తల ఎక్కడ పెట్టుకునేవాణ్ణో!

అప్పట్లో నేను తిరువూరులో ఒక ప్రైవేటు బళ్ళో తెలుగు చెప్పేవాణ్ణి. ఉద్యోగం పాఠాలు చెప్పడమైనా మనసంతా పాటలు కట్టడం మీదే ఉండేది. నాటకాలకీ, చర్చి పండగలకీ, పెళ్ళిళ్ళకీ ఎవరడిగినా కాదనకుండా రాసిచ్చేవాణ్ణి. అలా నా పేరు విన్న ఒక విజయవాడ క్యాసెట్లాయన వచ్చి, పొలం పనుల పాటలు ఎనిమిది కావాలనీ, అందులో ఒకటి మాత్రం పత్తి తీసే ఆడమనిషి తనకు తానే పాడుకుంటున్నట్టు ఉండాలనీ అడిగాడు. పాడేదెవరని అడిగితే మా మేనత్త పేరు చెప్పాను. వినగడపలో ఉండే అత్తయ్య వారమంతా కూలీల ముఠాతో పత్తి తీతకి వెళ్ళేది, ఆదివారం చర్చిలో పాడేది. ఆవిడ గొంతెత్తితే పాస్టరుగారు కూడా తన పాట ఆపేసి వినేవారు. తన గొంతు ఒక్కసారి క్యాసెట్టులో వినాలని ఆవిడకి ఎంత ఆశ ఉండేదో ఇంట్లో అందరికీ తెలుసు.

రెండు రాత్రుల్లో పాట రాసేశాను. ‘చందమామ మోముదాన, చేమంతి నవ్వుదాన, బావ రాక కోసమే దారి కాచి ఉన్నదాన’ అని మొదలెట్టి, గాజుల గలగల, కాటుక కన్నీళ్ళు, వాలు జడ, అన్నీ వేశాను. బళ్ళో తోటి మాస్టారు భేష్ అన్నారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అత్తయ్య చేతికిచ్చాను. ఏడో తరగతి చదివిన మనిషి, కూడబలుక్కోకుండా గబగబా చదివేసి, కాగితం మడిచి నా జేబులో పెట్టేసింది. కోప్పడలేదు, నవ్వలేదు.

"ఎండలో వంగి పత్తి తీసేటప్పుడు నా మొహం నాకెట్టా కనపడుద్దిరా? ఇది గట్టు మీద నిలబడి నన్ను చూసేవోడి పాట. నేను పాడను."

నాకు రోషం వచ్చింది. కవిత్వమంటే అలాగే ఉంటుంది అత్తయ్యా అని ఏదో వాదించాను. పోనీ బావ కోసం ఎదురుచూడడంలో తప్పేముందన్నాను. మీ మావయ్య సాయంత్రానికి ఇంటికొస్తాడు గదా, పొలంలో కూడా ఎందుకు తలుచుకోవడం అని తీసిపారేసింది. మావయ్యంటే ఆవిడకి ప్రాణం, అది ఊరందరికీ తెలిసిందే. అయినా పని వేళ పనేనట. ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచిస్తే ఆవిడ అన్నది నిజమేననిపించింది. నా పాటలో ‘నేను’ అంటున్నది ఆడమనిషే గాని, చూస్తున్న కళ్ళు మాత్రం నావి.

అందుకని రెండోసారి అందాలన్నీ తీసేశాను, వాటి బదులు కష్టాలు నింపాను. ముళ్ళు గీరిన చేతులు, మూగబోయిన బతుకు, కన్నీటితో తడిసిన పత్తి ఒడి. రాస్తూ రాస్తూ నేనే కళ్ళు తుడుచుకున్నాను. ఈసారి అత్తయ్య పక్కన వాళ్ళ పక్కింటావిడ కూడా కూర్చుని ఉంది. ఇద్దరూ వదినా అంటే వదినా అని పిలుచుకుంటూ, ఏ చేలోనైనా పత్తి మొక్కల వరసల్లో పక్కపక్క సాళ్ళే పట్టేవాళ్ళు. పాట చదివి వినిపిస్తే, ఒడి తడిసిందన్న చోట పక్కింటావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మంచు ఆరితే గాని చేలోకి దిగరనీ, తడి పత్తి తెస్తే రైతు ఊరుకోడనీ, కన్నీళ్ళు కార్చుకుంటూ పత్తి తీసేవాళ్ళని ఏ మేస్త్రీ పనికి పిలవడనీ అప్పుడు తెలిసింది నాకు. ఇరవై నాలుగేళ్ళు అదే పత్తి మధ్య పెరిగినవాణ్ణి!

అత్తయ్య మాత్రం నవ్వలేదు. "చేతులు గీరుకుంటయ్యని మాకు తెలీదా? తెలిసిన సంగతి ఎవరికి చెబుతున్నాన్రా నేను? ఆఫీసరు గారికి అర్జీ పెట్టుకున్నట్టుంది. ఇది పాడి, మర్నాడు మళ్ళీ వీళ్ళ పక్కనే సాలులో వంగాలి నేను. ఏ మొహం పెట్టుకుని వంగను?"

ఆ మాట నన్ను కోసేసింది. క్యాసెట్టు నాకు పేరు, అంతే. పాట బాగోకపోతే ఇంకొకటి రాసుకుంటాను. ఆవిడకి అలా కాదు. అబద్ధం పాట ఆవిడ గొంతుతో ఊళ్ళోకి వస్తే, రోజూ కలిసి వంగే వాళ్ళ మధ్య నవ్వులపాలయ్యేది ఆవిడే. మరోపక్క క్యాసెట్లాయన, వచ్చే వారం గురువారం రికార్డింగనీ, మీ అత్తయ్య రాకపోతే విజయవాడ గాయని ఒకావిడ సిద్ధంగా ఉందనీ కబురు పంపాడు. ఆ సంగతి చెబితే అత్తయ్య మొహం వాడిపోయింది. అయినా మెట్టు దిగలేదు. శనివారం నీకు ఒంటిపూట బడేగా, వచ్చి ఒడి కట్టుకో అంది.

శనివారం బడి నుంచి నేరుగా చేలోకి దిగాను. పాత చీర ముక్కని నడుముకి సంచిలా కట్టి, తీసిన పత్తి అందులో వేసుకుంటారు, అదే ఒడి. అది నాకు అత్తయ్యే కట్టింది. ముఠాలో వాళ్ళు నన్ను చూసి మొదట సార్, సార్ అంటూ మర్యాదలు పోయారు, మాటలన్నీ బిగబట్టుకున్నారు. ఆ సాలు పూర్తయ్యేదాకా నాకు పనికొచ్చే మాట ఒక్కటి వినపడలేదు. రెండో సాలు సగానికి వచ్చేసరికి నేను వాళ్ళకి చాలా వెనకబడిపోయాను. ఎండిన కాయ డొప్పల మొనలు గుచ్చుకోకుండా, ఆకు చెత్త అంటకుండా, ఒక్క లాగుకి పత్తి మొత్తం రావాలి. నాకేమో సగం కాయలోనే ఉండిపోయేది. నన్ను మరిచిపోయారు వాళ్ళు. అప్పుడు మాటలు మొదలయ్యాయి.

మొగుళ్ళ మాట, కన్నీళ్ళ మాట ఎక్కడా లేదు. ఒకావిడ పొదగేసిన పెట్ట గుడ్ల మీంచి లేచిపోయిందేమోనని పొద్దుట్నుంచీ మధనపడుతోంది. ఇంకొకావిడ, తనకి ఎప్పుడూ కాపు తక్కువున్న మొండి సాలే వస్తుందని మేస్త్రిని దెప్పుతోంది. ఇక మా అత్తయ్యకీ పక్కింటావిడకీ అసలు గొడవ, ముందుగా గట్టు ఎవరు చేరతారన్నది. ఇద్దరు పిల్లల తల్లి, ఏ పందేలూ తెలియదనుకున్న మా అత్తయ్య, పక్క సాలు వైపు ఓరగా చూసుకుంటూ చేతులు ఎంత వేగంగా ఆడించిందో! గట్టు చేరి నడుం ఎత్తి ఒక్క నవ్వు నవ్వింది. ఆ నవ్వు చేమంతి కాదు, ఏ పువ్వూ కాదు, గెలిచిన మనిషి నవ్వు. ఆ తర్వాత చేసిన పని చూసి నేను చేతిలో పత్తి మరిచిపోయాను. ఒడి గట్టు మీద దులిపేసుకుని, తిరిగి వదిన సాలులోకే దిగి, గట్టు కొస నుంచి ఎదురు తీసుకుంటూ వచ్చింది. ఇద్దరూ మధ్యలో కలుసుకుని ఒకేసారి నడుములు ఎత్తారు. అప్పట్లో అందరికీ ఒకటే రోజు కూలి, వెనకబడిన వాళ్ళకి ముందున్న వాళ్ళు అలా ఎదురెళ్ళడం మామూలేనట. ఒక దణ్ణం గాని, దయ గాని ఉండదు అందులో.

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే పాట వచ్చేసింది. ఈసారి ప్రతి చరణం దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకున్నాను, ఈ మాట ఆవిడ ఎవరితో అంటోంది అని. పక్క సాలులోని వదినతో అనలేని మాట ఏదొచ్చినా కొట్టేశాను. శ్రమ అని రాసి పని అని దిద్దాను. ఎంత ముద్దుగా వచ్చినా, ఆవిడకి తెలిసిందే మళ్ళీ చెప్పే మాటని ఉంచలేదు. వంగి ఉన్న మనిషికి ఊపిరి పొడుగ్గా అందదని, పాటలోని పాదాలన్నీ సగానికి కోశాను.

‘నీది కాపు సాలు వదినా, నాది మొండి సాలు
అయినా గట్టు నాదే ముందు, ఒప్పుకో
పెట్ట లేచిందో ఏమో, చెయ్యి ఆగనంటది
నడుం ఎత్తకు వదినా, నేనే ఎదురొస్తున్నా’

అత్తయ్య చదవలేదు, నేరుగా పాడింది. పెట్ట దగ్గర ఒక్క క్షణం ఆగి, ‘లేచిందో ఏమో’ అన్నదాన్ని ‘లేచిందా, కూచుందా’ అని తనే మార్చుకుంది. ఆవిడ అలా మార్చుకోగానే నా గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. పరాయి పాటని ఎవరూ దిద్దుకోరు కదా.

గురువారం విజయవాడకి పక్కింటావిడ కూడా తోడొచ్చింది. మైకు చూసి బెదిరి, అత్తయ్య ఆవిణ్ణి అద్దం అవతల ఎదురుగా నిలబెట్టమని అడిగి, ఆవిడకేసి చూస్తూ పాడింది. ‘ఒప్పుకో’ అన్నచోట పక్కింటావిడ ఆపుకోలేక, నేనెప్పుడు ఓడిపోయానే అని లోపలికి వినపడేలా అనేసింది. ఇద్దరి నవ్వుకీ ఆ టేపు పాడైపోయింది. రెండోసారి పాడినదే ఇప్పటికీ ఫోన్లలో వినపడుతున్నది. తిరుగు బస్సులో వాళ్ళిద్దరూ ఎవరు నిజంగా ముందు చేరతారో తేల్చుకుంటుంటే, నేను కిటికీ పక్కన కూర్చుని, చాలా రోజుల తర్వాత హాయిగా కునుకు తీశాను.

ఇప్పుడు పత్తి కిలోల లెక్కన తీస్తున్నారు, ఎవరి సాలు వాళ్ళది, ఎవరి ఒడి వాళ్ళది. ఎదురెళ్ళడమంటే ఏంటని పిల్లలు అడిగితే విడమరిచి చెప్పాల్సి వస్తోంది. అత్తయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. నేను ఇంకా రాస్తూనే ఉన్నాను, ఆడవాళ్ళ మాటగా కూడా రాస్తున్నాను. ఫోన్లో పెడితే చాలు, నిమిషంలో పదిమంది బాగుంది సార్, అద్భుతం సార్ అంటున్నారు. వాళ్ళ అభిమానానికి సంతోషమే. కాని కాగితం మడిచి నా జేబులో పెట్టేసే మనిషి లేక, ఏ పాట నిజంగా బాగుందో నాకు తెలియడం మానేసింది.