మామకు పిండంటే పిండే

మా మేనమామ చేతి మాంసం కూర తిన్నవాళ్లెవరూ ఆయనకు ఎదురు చెప్పలేదు. ఆయన కష్టం అక్కడే మొదలైంది. నా కష్టం కూడా.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మామ అంతకుముందు బళ్లారిలో ఒక పెద్ద ఆఫీసరు బంగళాలో వంటవాడుగా ఉండి, ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాక ప్రొద్దుటూరు చేరుకున్నాడు. ఆఫీసర్లు క్యాంపుకు వస్తే పులివెందులలోనో జమ్మలమడుగులోనో ట్రావెలర్సు బంగళాలో ఇంగ్లీషు భోజనం చేసిపెట్టే పని పట్టుకున్నాడు. నేను మద్రాసులో రైల్వే స్టేషను భోజనశాల వంటింట్లో కొన్నేళ్లు చేసి, అక్కడి ఉప్పగాలి పడక తిరిగి వచ్చాను. మా అమ్మ నన్ను తీసుకుపోయి తమ్ముడికి అప్పగించింది. "నీకు తోడుగా ఉంటాడు, వీనికీ పని ఉంటాది" అంది. తోడు మాట నిజమే. పని సంగతే మేమిద్దరం ఎన్నడూ తేల్చుకోలేకపోయాము.

మామకు తెలిసిన వంట గరిటెతో, ముక్కుతో, నాలుకతో తెలిసిన వంట. మసాలాలో పావు చిటికెడు ధనియాలు ఎక్కువైనా పసిగట్టేవాడు. కానీ చిక్కదనం కోసం వేసే తెల్లపిండ్ల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు పిండంటే పిండే. కార్న్‌ఫ్లోరు, ఆరారోటు, కస్టర్డ్ పౌడరు, ఏది దొరికితే అది. ప్రొద్దుటూరు బజారులో ఒక శెట్టి అంగడి ఉండేది. మద్రాసు నుంచి డబ్బాలు తెప్పించి, విప్పి, కాగితం పొట్లాలుగా కట్టి అమ్మేవాడు. ఆరారోటు మాత్రం ఆ అంగట్లో ఎప్పుడూ ఉండేది, ఎందుకంటే పిల్లలకు విరేచనాలైతే తల్లులంతా ఆరారోటు గంజే కాచేవాళ్లు. కాబట్టి మామ చేతికి ఎక్కువగా వచ్చింది అదే.

"మామా, అది పాలల్లో వేసేది కాదు" అని పులివెందుల బంగళాలో మొదటిసారి చెప్పాను.

"యాడ రాసిపెట్టినారు అట్ల?"

"యాడా రాయలేదు. పాలల్లో వేస్తే జిగురు జిగురుగా సాగుతాది. పుడ్డింగుకు కార్న్‌ఫ్లోరే కావాల."

"చంటిపిల్లోళ్లకు పాలల్లో కలిపి తాపుతాండారు గదా. వాళ్లేమన్నా చచ్చిపోతాండారా?"

పిల్లలు బతకడం వేరు, పుడ్డింగు నిలబడడం వేరు. కార్న్‌ఫ్లోరు చల్లని పాలలో కలిపి, కాగే పాలలో పోసి, రెండు మూడు నిమిషాలు బాగా ఉడకనిస్తే పచ్చివాసన పోతుంది. గిన్నెలోకి ఒంపి చల్లారబెడితే తెల్లగా గడ్డకట్టి, కత్తితో కోస్తే ముక్కగా వస్తుంది. ఆరారోటు అలా కాదు. మామ చేసిన పుడ్డింగును ఆ రోజు తడి ఇసుకలో చల్లారబెట్టి బల్ల మీదికి పంపితే, ఆఫీసరు చెంచా పెట్టి పైకెత్తాడు. చెంచాతోబాటు పుడ్డింగు తీగలాగా లేచింది. ఆయన మర్యాదస్తుడు. చెంచా కింద పెట్టి అరటిపండు అడిగాడు.

అంతటితో పోలేదు. అదే పూట గ్రేవీలో కూడా మామ ఆరారోటే వేశాడు. వేసినప్పుడు బాగానే చిక్కబడింది. ఆఫీసరు ఏదో చెరువు కట్ట చూసి ఆలస్యంగా వచ్చాడు. అందాకా మామ గ్రేవీని మంట మీదే ఉంచి, తిప్పుతూ కూర్చున్నాడు. ఆరారోటు తక్కువ వేడికే చిక్కబడుతుంది, దాన్ని ఎక్కువసేపు మరిగించినా, గట్టిగా తిప్పినా మళ్లీ పలచబడిపోతుంది. ఆఫీసరు కాళ్లు కడుక్కునే వేళకు మా గ్రేవీ చారు అయిపోయింది. మామ పొట్లం విప్పి ఇంకో రెండు చెంచాలు పొడిపిండి నేరుగా మరిగే గ్రేవీలోకి కొట్టాడు. అది ఉండలు కట్టింది. ఒక్కో ఉండా పైన జిగురు, లోపల పచ్చిపిండి.

"నువ్వు మంట ఎక్కువ పెట్టినావు" అన్నాడు నాతో.

నేను గ్రేవీని గుడ్డతో వడగట్టాను. బస్సులో తిరిగి వస్తూ ఆయన హాయిగా నిద్రపోయాడు, నాకు మాత్రం పళ్లు నూరి దవడలు నొప్పి పుట్టాయి.

ఆ తరువాత కొన్నాళ్లకు జమ్మలమడుగు పని వచ్చింది. ఒక పెద్ద ఇంజనీరు ఉద్యోగం విరమిస్తున్నాడు, కాంట్రాక్టర్లంతా కలిసి బంగళాలో విందు పెడుతున్నారు. పొట్టేలు మాంసం రోస్టు, దానికి గ్రేవీ, కూరగాయలు, పుడ్డింగు, చివర పండ్ల ముక్కల మీద పోసే మెరిసే సాసు. ఇంజనీరుగారి భార్య కృష్ణా జిల్లా మనిషి, సాసు కావాలని ఆమే ముందుగా చెప్పి పంపింది. ఈసారి సామాను నేను కొంటానన్నాను. మామ ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ఆయనే బజారుకు పోయి వచ్చాడు.

సంచి విప్పితే ఆరారోటు పొట్లం ఒకటి, కస్టర్డ్ పౌడరు డబ్బా ఒకటి. కార్న్‌ఫ్లోరు లేదు.

"కార్న్‌ఫ్లోరు యాడ మామా?"

"అయిపోయిందంట. శెట్టి చెప్పినాడు, ఇది కూడా ఆ పిండేనంట. మంచి వాసన అదనం. దీంతోనే అన్నీ చేస్తాం లే."

శెట్టి చెప్పింది అబద్ధం కాదు, అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. కస్టర్డ్ పౌడరంటే చాలావరకు కార్న్‌ఫ్లోరే. అందులో పసుపు రంగు, వెనిల్లా వాసన కలిపి ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు చూస్తే లేత రంగు తప్ప ఏమీ తెలియదు, తడి తగలగానే పచ్చగా అయిపోతుంది. పాలకు, చక్కెరకు అది అమృతం. మాంసానికి కాదు.

"పుడ్డింగుకు ఇది సరిపోతాది, మామా. గ్రేవీలో మాత్రం వేయొద్దు. ఆరారోటుతో నేను చేస్తా, వడ్డించే ముందర."

"సరే లే" అన్నాడు. ఆయన సరే అన్నప్పుడల్లా నాకు భయమే.

మధ్యాహ్నం సాసుకు బత్తాయిలు తక్కువ పడ్డాయని నేను బజారుకు పోయాను. తిరిగి బంగళా మెట్లెక్కుతుండగానే వాసన వచ్చింది. కాల్చిన పొట్టేలు మాంసం వాసనలో బిస్కెట్ల వాసన. వంటింట్లోకి పోయి చూశాను. పెద్ద గిన్నెలో గ్రేవీ చిక్కగా, మామిడిపండు గుజ్జు రంగులో కుతకుతలాడుతోంది. మామ గరిటె పట్టుకుని దాన్ని చూస్తున్నాడు. ఆయన ముఖంలో మొదటిసారి అనుమానం కనబడింది.

"కొంచెం పచ్చగా వచ్చింది" అన్నాడు.

"రుచి చూసినావా?"

"చూసినా."

"యట్లుంది?"

ఆయన ఇంత మిరియాల పొడి అందులో చల్లాడు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. గిన్నెను దించి వాచ్‌మన్‌కు ఇచ్చేశాను. వాళ్ల కుక్క కూడా మొదట వాసన చూసి వెనక్కు పోయిందని తరువాత చెప్పాడు. ఎముకలు ఉడికించిన నీళ్లు సగం నేను విడిగా దాచాను కాబట్టి బతికాము. రోస్టు పళ్లెంలో మిగిలిన కొవ్వూ మాడుపొరా గీరి, ఆ నీళ్లలో కలిపి, ఉల్లిపాయలు వేసి మరగనిచ్చి, వడగట్టి పక్కన పెట్టాను. ఆరారోటు చల్లనీళ్లలో కలిపిన లోటా చేతిలో పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఇక అది చివరి నిమిషంలో పోయడమే.

చివరి నిమిషం రాదే. హాల్లో కాంట్రాక్టర్లు ఉపన్యాసాలు ఇస్తున్నారు. ఒక్కొక్కరూ ఇంజనీరుగారి నిజాయితీని పొగుడుతున్నారు, పొగిడినవాడే మళ్లీ లేచి ఒక మాట మరిచిపోయానంటున్నాడు.

"పోసెయ్ రా అది" అంటాడు మామ.

"ఇప్పుడు వద్దు."

"ఇంకేమిటికి ఆగేది? నీళ్లు పట్టుకొని నిలబడుకోని ఉండావు, దేవుని ముందర పూజారి మాదిరి."

"ఇప్పుడు పోస్తే వాళ్లు కూర్చునేలోపల పలచబడిపోతాది, మామా. పులివెందుల మరిచిపోయినావా?"

"పులివెందులలో నువ్వు మంట ఎక్కువ పెట్టినావు."

లోటా ఆయన మీద పోయలేదు, అది నా గొప్పతనమే అనుకుంటాను.

చివరికి వడ్డించమన్నారు. లోటాలో అడుగున దిగిన పిండిని మళ్లీ కలిపి, వేడి గ్రేవీలో సన్నధారగా పోశాను. రెండు మూడుసార్లు మెల్లగా తిప్పాను. కళ్లముందే చిక్కబడి, నూనె రాసినట్టు మెరిసింది. బుడగ లేవగానే దించేసి పంపాను. కస్టర్డ్ పౌడరుతో మామే చేసిన పుడ్డింగు బాగుంది, నిజం చెప్పాలి. పాలు మాడనీయకుండా కాచడంలో ఆయన్ను మించినవాడు లేడు. పండ్ల ముక్కల మీదికి బత్తాయి రసం, నిమ్మరసం, చక్కెర కాచి ఆరారోటుతో చిక్కబరిచాను. పులుపులో కూడా అది అద్దంలాగా తేటగా ఉంటుంది, కింద పండు రంగు కనిపిస్తుంది. కార్న్‌ఫ్లోరు ఉన్నా అక్కడ వాడేవాణ్ని కాదు, సాసు మసకబారుతుంది.

మిగిలిన గ్రేవీని ఎవరో మళ్లీ అడిగారని, నేను పళ్లాలు సర్దుతుండగా మామ పొయ్యి మీద పెట్టి బాగా మరిగించి పంపాడు. అది నీళ్లయిపోయింది. అదృష్టం, అప్పటికి అందరి కడుపులూ నిండాయి.

ఇంజనీరుగారి భార్య వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "ఆ పండ్ల మీది సాసు ఎవరు చేశారండీ? అంత మెరుపు ఎలా వచ్చింది?"

"అది మా బళ్లారి పద్ధతమ్మా" అన్నాడు మామ చేతులు కట్టుకుని. "పిండి ఎన్నుకోవడంలో ఉండాది అంతా."

నేను గిన్నెలు తోముతున్నట్టు తల దించుకున్నాను. ఆమె పోయాక, "ఏంది మామా అది?" అన్నాను.

"నువ్వు నా అల్లుడివి గదా. నువ్వు చేస్తే నేను చేసినట్లే."

తప్పు చేసినప్పుడు మాత్రం ఈ లెక్క గుర్తుండదు ఆయనకు.

రాజధాని హైదరాబాదుకు పోయింది. మా పనులు మాత్రం అవే బంగళాల్లో సాగాయి. ఒకరోజు ప్రొద్దుటూరు శెట్టి అంగడి బయట నేను అరటిపండ్ల గెల కోసం బేరమాడుతున్నాను. లోపల మామ గొంతు. ఎవరో కొత్త వంటవాడు పుడ్డింగుకు ఆరారోటు అడిగాడట.

"పాలల్లో వేస్తే సాగుతాదప్పా అది. కార్న్‌ఫ్లోరు తీసుకో, బాగా ఉడకనీ. గ్రేవీలో ఆరారోటు వేస్తే, వడ్డించే ముందర వెయ్, మరగనీయొద్దు. కస్టర్డు మాంసంలోకి తేవద్దు, శానా దరిద్రంగా ఉంటాది. ఈ కాలం పిల్లోళ్లకు ఏం చెప్పినా ఎక్కదు. మా అల్లునికి నేర్పించేసరికి నా ప్రాణం పోయింది."

నేను గెల భుజాన వేసుకుని అంగట్లోకి పోయాను. మామ నన్ను చూసి ఏమీ తొణకలేదు. ఆ కొత్తవాడికి నన్ను చూపించి, "వీడే" అన్నాడు.

ఆ మనిషి నా వైపు జాలిగా చూశాడు. నేను శెట్టిని కార్న్‌ఫ్లోరు పొట్లం కట్టమని, మామను అది తీసుకుని తొందరగా రమ్మని చెప్పి, బస్టాండు వైపు నడిచాను.