నెలకు ఇరవై అయిదు రూపాయలు అని రాశాం

అరవైలలో జహీరాబాద్ స్టేషన్ రోడ్డులో మాకో చిన్న డిజైన్ ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఒక గది, రెండు వాలు బల్లలు, గోడకు ఆనించిన రేకు బోర్డులు. నేనూ, ఉర్దూ అక్షరాలు ముత్యాల్లా రాసే నా స్నేహితుడూ కలిసి పెట్టుకున్నాం. తెలుగు, కన్నడ నేను రాసేవాణ్ణి. బెల్లం వ్యాపారుల లేబుళ్లు, బీడీ కట్టల చీటీలు, సినిమా ఇంటర్వెల్లో వేసే గాజు స్లైడ్లు, దుకాణాల బోర్డులు మా పని. లేబుల్ అయితే తెల్ల అట్ట మీద నల్ల సిరాతో, అచ్చయ్యే సైజుకు రెండింతలు పెద్దగా గీసి ఇచ్చేవాళ్లం. ఊళ్లోని ప్రెస్సు సేఠు దాన్ని హైదరాబాద్ పంపి అచ్చుకు లోహపు బ్లాకు చేయించి అచ్చువేసేవాడు. మా పనిలో సగం ఆయన ఇచ్చేదే.

పని పెరిగింది. నేర్చుకుంటూ చేసే మనిషి ఒకరు కావాలి అనుకున్నాం.

అంతకుముందు నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో నేర్చుకున్నాను. మొదటి ఏడాదంతా యజమాని పిల్లల్ని బడికి దిగబెట్టడం, చాయ్ తేవడం, బ్రష్‌లు కడగడం. ఎన్నాళ్లు ఉండాలో తెలియదు, ఏమిస్తారో తెలియదు. అడిగితే, పని నేర్పుతున్నందుకు నువ్వే నాకివ్వాలి అన్నాడాయన. అందుకే మా గదిలోకి వచ్చే మనిషికి అన్నీ ముందే తెలియాలని పట్టుబట్టాను. నా స్నేహితుడు ఒప్పుకున్నాడు. ఒక అట్ట మీద ఇలా రాసి తలుపు పక్కన వేలాడదీశాం:

"డిజైన్ పని నేర్చుకొనుటకు ఒకరు కావలెను. స్త్రీలైనను, పురుషులైనను రావచ్చును. పని: గళ్లు గీసి బొమ్మను పెద్దది చేయుట, అక్షరములు రాయుట, రంగు రంగుకు వేరుగా ట్రేసింగ్ తీయుట, స్లైడ్లు రాయుట. చాయ్ తెచ్చుట, ఇంటి పనులు ఉండవు. కాలము: ఆరు నెలలు. పొద్దున తొమ్మిది నుండి సాయంత్రం అయిదు వరకు, ఆదివారము సెలవు. స్టైపెండు: నెలకు ఇరవై అయిదు రూపాయలు, ప్రతి నెల ఒకటవ తేదీన. ఆరు నెలల తరువాత ఉద్యోగము ఇస్తామని మాట ఇవ్వము. నేర్చిన పని గురించి సర్టిఫికెట్ ఇస్తాము."

మరునాడే ప్రెస్సు సేఠు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏం భాయ్, ఇదేం కొత్త రివాజు? నా దగ్గర ఇద్దరు పోరగాళ్లు రెండేండ్ల సంది నేర్చుకుంటున్నరు. తిండి పెడుతున్న. పొద్దుగాల గీ బోర్డు చదివి వచ్చి నన్ను అడుగుతున్నరు, మాకెంతిస్తవని."

"అడగనియ్యి సేఠూ. అడుగుతే తప్పేంది?" అన్నాను.

"ఆ పైసల లైను తీసెయ్యి. 'జీతం మాట్లాడుకోవచ్చు' అని రాసుకో. వచ్చినోనికి మీరు యాభై ఇచ్చుకోన్రి, నాకేం ఫికర్ లేదు. బజార్ల మాత్రం వేలాడదియ్యద్దు."

"మాట్లాడుకోవచ్చు అంటే మాట్లాడేది ఒక్కడే ఉంటడు సేఠూ. వచ్చినోడు తల ఊపుతడు. గట్ల తల ఊపినోణ్ణే నేను."

ఆయన నా స్నేహితుడి వైపు తిరిగాడు. నెమ్మదస్తుడు కదా, అతనైనా వింటాడనుకున్నాడు. నాకూ ఆ భయం లేకపోలేదు. నా స్నేహితుడికి ఇంట్లో ముగ్గురు చెల్లెళ్లు, సేఠు ఇచ్చే పని పోతే ముందు ఇబ్బంది పడేది వాళ్లే. అతను బల్ల మీది కలం తీసుకుని సిరాలో ముంచి, తలుపు దగ్గరికి వెళ్లి, నా తెలుగు కింద అదంతా ఉర్దూలో రాయడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. స్టైపెండు దగ్గరికి వచ్చేసరికి కలం మార్చి, వెడల్పు పాళీతో రాశాడు.

"ఇగ గీ బోర్డు చదువరానోళ్లు తక్కువయితరు సేఠ్ సాబ్," అన్నాడు కలం తుడుచుకుంటూ.

సేఠు వెళ్లిపోయాడు. ఆ వారం నుంచి ఆయన లేబుళ్లు బీదర్ వెళ్లి గీయించుకున్నాడు.

మూడో రోజున ఝరాసంగం వైపు నుంచి ఒకాయన తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. క్రైస్తవులు. అమ్మాయికి పద్దెనిమిదేళ్లుంటాయి, మెట్రిక్ చదివింది. ఆయన సంచీలోంచి బెల్లం ముద్ద తీసి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, నెలకు ఇరవై అయిదు మేం ఇయ్యాలెనంటే కష్టమైతది. జర తగ్గించున్రి."

నాకు ముందు అర్థం కాలేదు. అమ్మాయే చెప్పింది. "నాయినా, నేను చెప్తనే ఉన్న. వాళ్లే మనకిస్తరంట."

"ఎందుకిస్తరు?" అన్నాడాయన. నమ్మలేదు. బోర్డు దగ్గరికి తీసుకువెళ్లి, ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి చదివి వినిపించాను. విని, "ఆడపిల్ల గదా, తోడెవరుంటరు?" అన్నాడు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచుతామనీ, రోడ్డు మీదికి ఉన్న బల్ల ఆమెదేననీ చెప్పాను. అమ్మాయితో గళ్లు గీయించి చూశాం. ఒక్క గడీ తప్పలేదు. తీసుకున్నాం. బెల్లం తిరిగి సంచీలో పెట్టించాను. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు.

ఆ తరువాత వారమే సేఠు దగ్గర పని నేర్చుకునే ఇద్దరిలో పెద్దవాడు వచ్చాడు. జీతం అడిగినందుకు వెళ్లగొట్టారట. "మీ బోర్డు చూసే అడిగిన," అన్నాడు. మాకు ఒక్కరికే చోటు. ఇంకొకరికి ఇచ్చే శక్తి లేదు. ఆ మాటే చెప్పాను. అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సరే అని వెళ్లిపోయాడు. బోర్డు పెట్టకపోతే అతనికి ఆ తిండైనా ఉండేది కదా అని కొందరన్నారు. రెండేళ్లు ఉట్టిగా చేయించుకున్నవాణ్ణి వదిలి, ఇస్తామన్న మమ్మల్ని నిలదీశారు. ఆ మాట అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. వెళ్లిపోయిన అతని ముఖం మాత్రం నా కళ్లలో అట్లాగే ఉండిపోయింది.

సేఠు పని లేక మేము ఊళ్లు తిరిగాం. రాయికోడ్‌లో ఎరువుల దుకాణం బోర్డు, చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు మీది గోడకు టైర్ల ప్రకటన. అమ్మాయి నిచ్చెన ఎక్కి గళ్లు గీస్తుంటే లారీలు ఆపి చూసేవాళ్లు. ఒక డ్రైవరు ఏదో అన్నాడు. ఆమె వెనక్కి చూడకుండా, "సార్, ఆయన అడ్డమొచ్చిండు, నీడ పడుతోంది, జరగమనున్రి," అంది. అతను జరిగాడు.

ఒకటో తేదీ ఒక్కసారీ దాటలేదు. ఒక నెల మా ఇద్దరికీ ఏమీ మిగలలేదు, అయినా ఆమెకిచ్చాం.

ఆరు నెలలయ్యాక సర్టిఫికెట్ రాసిచ్చాం. ఆ సంగతి తెలిసి సేఠే వచ్చాడు. బీదర్ వాళ్ల లేబుళ్లు అచ్చులో గీతలు కలిసిపోయి నల్లగా వస్తున్నాయట. మాతో మాట్లాడలేదు. నేరుగా ఆమెనే అడిగాడు.

"మా ప్రెస్సుల చేస్తవా బిడ్డా? పైసల సంగతి తర్వాత చూసుకుందాం."

"చేస్త సేఠ్ సాబ్. ఏం పని, ఎన్ని గంటలు, ఎంతిస్తరో రాసియ్యున్రి."

ఆయన మా వైపు కోపంగా చూశాడు. మేము పని చేసుకుంటున్నట్టు తలలు వంచుకున్నాం. ఒక బిల్లు వెనక ఏదో గీకి ఇచ్చాడు. ఆమె చదివి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది.

"గంటలు రాయలేదు."

రాశాడు.