రెండో షెడ్డుకు ఇచ్చిన మాట

తార్నాకలో నా అద్దె గదికి ఎదురుగా ఒకాయన రేకు పెట్టెలు చేసేవాడు. ఇనుపరేకులు సర్కారు కంట్రోలులో ఉండి, కోటా ఉన్నవారికే దొరికే రోజులు. షెడ్డు కట్టి మిషన్ పెట్టినవారికి కోటా ఇస్తామని ప్రభుత్వం పథకం ప్రకటిస్తే, ఊళ్లో పొలం అమ్మి షెడ్లు వేశాడు. తీరా వెళ్లి అడిగితే విధానం మారిందన్నారు. హైకోర్టులో రిట్ వేశాడు.

అది విచారణకు వచ్చే ముందురోజు సంగతి ఇది. ఆయన వకీలు మా లా కాలేజీలోనే చదివినవాడు. కేసు ఉన్న పాత విద్యార్థి ముందురోజు మా క్లాసులో వాదించి చూసుకోవాలన్నది మాకు చట్టం చెప్పే మాస్టారి పద్ధతి. సర్కారు తరఫున నన్ను నిలబెట్టారు.

"ఎదురింటోనివి, నా మీదికే వస్తవా?" అన్నాడు వకీలుతో వచ్చి వెనక బెంచీలో కూర్చున్న పెట్టెలాయన. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

పథకం ప్రకటన ఒప్పందమే అన్నాడు వకీలు. గవర్నర్ పేరిట రాతమూలకంగా లేనిది సర్కారును కట్టిపడేసే ఒప్పందం కాదన్నాను. ఎస్టాపెల్, అంటే మాట నమ్మించినవాడు వెనక్కి పోరాదన్న సూత్రం ఉందన్నాడు. సాక్ష్య చట్టంలోని ఎస్టాపెల్, అప్పటికే ఉన్న విషయం గురించి చెప్పిన మాటకేగాని, రేపు చేస్తానన్న మాటకు వర్తించదన్నాను. "ఇద్దరు మామూలు మనుషుల మధ్య ప్రతిఫలం లేని వాగ్దానం అడ్డుపెట్టుకునే డాలు మాత్రమే. దానితో దావా వెయ్యలేరు" అని కూడా కలిపాను. వకీలు కాగితాలు తిరగేయసాగాడు.

"సర్కారు కూడా మామూలు మనిషేనా?" అన్నారు మాస్టారు.

వకీలు తేరుకున్నాడు. సర్కారు మాట నమ్మి పౌరుడు తన స్థితి మార్చుకుంటే, ఒప్పందం లేకపోయినా ఆ మాట ఇష్టం వచ్చినట్టు తప్పడానికి వీల్లేదని సుప్రీంకోర్టు ఈమధ్యే చెప్పింది కదా, రిట్‌లో దాన్ని అమలు చేయమని అడగవచ్చన్నాడు.

"మరి ఆ సూత్రం ఎక్కడ ఆగిపోతది?" అన్నారు మాస్టారు.

"చట్టానికి ఎదురైనప్పుడు. అధికారం లేనివాడు మాటిచ్చినప్పుడు" అన్నాను.

వెనక నుంచి పెట్టెలాయన లేచాడు. "సారూ, రెండో షెడ్డు కట్టుకో, డబల్ కోటా ఇప్పిస్తనని కోటాలు చూసే ఇన్‌స్పెక్టరు చెప్పిండు. అది గూడ రిట్ల రాయించిన."

కంట్రోలు ఉత్తర్వు ప్రకారం ఒక యజమానికి ఒకటే కోటా. ఇన్‌స్పెక్టరుకు అది పెంచే అధికారం లేదు.

"అది తీసెయ్యి. లేకపోతే రేపు సర్కారు వకీలు దాన్నే పట్టుకొని మొదటిదాన్ని గూడ గుంజుతడు" అన్నారు మాస్టారు వకీలుతో.

"మాటంటే మాటే గద సారూ. పొలం పైసలంత గాడనే పెట్టిన."

"ఇన్‌స్పెక్టరు మాట సర్కారు మాట కాదయ్యా."

పెట్టెలాయన వకీలువైపు తిరక్కుండానే "తియ్యిండి" అన్నాడు.

ఒక షెడ్డుకు కోటా ఇమ్మని హైకోర్టు తీర్పు చెప్పింది. రేకులు దిగిననాడు వీధంతా సుత్తి చప్పుడు. రెండో షెడ్డు ఖాళీగానే ఉండిపోయింది; వానాకాలమంతా మేము అందులో సైకిళ్లు పెట్టుకున్నాం. ఆ ఇన్‌స్పెక్టరు అటు వస్తే పెట్టెలాయన తల ఎత్తేవాడు కాదు, సుత్తి మాత్రం ఇంకాస్త గట్టిగా మోగేది.