కాదనడం రాని సిస్టర్ రాసిన పేరా

ఆసుపత్రిలో అందరూ ఆవిడని ‘సరే సిస్టర్’ అంటారు. ఎవరేమడిగినా సరే అనేస్తుంది పాపం! ఇంటికి దువ్వెనలమ్మేవాడొస్తే కొనేస్తుంది, వాడు మళ్లీ వస్తే మళ్లీ కొంటుంది. ఇంట్లో తలలు నాలుగే, దువ్వెనలు మాత్రం డబ్బా నిండా!

అలాంటి మనిషికి డాక్టరు గారు ఓ పని అప్పజెప్పారు. మోకాళ్ల నొప్పికి కొత్త మాత్ర పరీక్షిస్తున్నారు. ఆ పరీక్షలో చేరేవాళ్లు చదివి సంతకం పెట్టే కాగితంలో ఒక పేరా ఎవరికీ అర్థం కావట్లేదని, ఇలాంటి పరీక్షలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ వెనక్కి పంపింది. అదేమో ఇలా ఉంది: ‘పాల్గొనువారు తమ సమ్మతిని ఏ దశలోనైనను ఉపసంహరించుకొను హక్కు కలిగియుందురు.’

సిస్టర్ కూర్చుని ఆ పేరాని మామూలు మాటల్లో తిరగరాసింది. వాళ్ల వదిన చేత కాగితమంతా మొదట్నించీ చదివించి, లాగేసుకుంది.

“ఇప్పుడు నీ మాటల్లో చెప్పు వదినా.”

“పరీక్ష పెడుతున్నావేంటే నాకు?”

“నీక్కాదు, నా రాతకి.”

వదిన గొంతు సవరించుకుంది. “సగం మందికి కొత్త మందు, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర. ఎవరికేదొచ్చిందో డాక్టరుకీ తెలీదు. కడుపులో తిప్పొచ్చు. ఎప్పుడో ఒకరికి లివర్ దెబ్బతినొచ్చు, అందుకే రక్తపరీక్షలు. నొప్పి తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు.”

“భలే! మరి మధ్యలో మానేయాలంటే?”

“మానేయొచ్చని రాశావు. కానీ ఎలా మానేస్తానే? రోజూ నవ్వుతూ పలకరిస్తావు, నీ మొహం చూసి వద్దనడానికి నోరెలా వస్తుంది? పైగా రేపు జ్వరమొస్తే మళ్లీ మీ దగ్గరికే కదా రావాలి!”

సిస్టర్ గతుక్కుమంది. మొహమాటం గురించి ఈ లోకంలో తనకి ఎవరైనా చెప్పాలా? గబగబా కలిపి రాసింది:

‘ఎప్పుడైనా మానేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. మేమేమీ అనుకోము. ఇక్కడ మీకు జరిగే మామూలు వైద్యం ఏమాత్రం తగ్గదు. మానేస్తున్నానని ఒక్క మాట చెబితే చాలు. కావాలంటే ఆఖరిసారి రక్తపరీక్ష చేసి పంపిస్తాం.’

డాక్టరు గారు చదివి మెచ్చుకున్నారు. మెచ్చుకుని, పెన్ను తీసి, పైన ‘ఈ మాత్రతో మీకు తప్పకుండా మేలు జరుగుతుంది’ అని చేర్చారు.

“కాస్త ఆశ పెట్టకపోతే ఎవరు చేరతారమ్మా? ఇది కమిటీకి పంపించేద్దామా?”

సిస్టర్ నోట్లో ‘సరే’ పెదాల దాకా వచ్చేసింది. మింగేసింది.

“వద్దండి.”

డాక్టరు గారు కళ్లజోడు తీశారు. “ఏంటీ?”

“సగం మందికి ఉత్తి మాత్రే కదండీ. మిగతా సగానికి పనిచేస్తుందో లేదో తెలీకే కదా ఈ పరీక్ష. తప్పకుండా అని ఎలా రాస్తాం?” అక్కడితో ఆపలేదు. “ఆ ముక్క కొట్టేయండి సార్.”

ఆయన పెన్నుతో అడ్డంగా ఓ గీత గీశారు. “అమ్మో, నీకూ నోరుందే!”

కమిటీ ఈసారి ఒప్పుకుంది. కొత్త కాగితం మొట్టమొదట చదివింది ఓ రిటైర్డ్ బస్సు డ్రైవరు. చదివిందంతా తన మాటల్లో పొల్లుపోకుండా అప్పజెప్పాడు. సిస్టర్ మురిసిపోతూ పెన్ను అందించింది.

“అంతా అర్థమైంది తల్లీ,” అన్నాడు, పెన్ను తిరిగిచ్చేస్తూ. “నాకు మాత్రం వద్దు. ఏమీ అనుకోవుగా?”

“ఎందుకనుకుంటాను బాబాయ్!” అంది సిస్టర్. మోకాలు మామూలుగా చూపించుకోవడానికి ఏ గదికి వెళ్లాలో, తానే తలుపు దాకా వచ్చి చూపించింది.