తిరగని పంపు

రెండు వేల దశకం చివర్లో నర్సీపట్నంలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. ఒక ఉదయం ఫోటో స్టూడియో ఆయన కబురు పెట్టాడు. పెళ్ళి వీడియోల ఎడిటింగ్ కోసం ద్రవంతో చల్లబరిచే లిక్విడ్ కూలర్‌తో తెప్పించుకున్న సిస్టం, ఆన్ చేసిన కొన్ని సెకన్లకే ఆగిపోతోంది. వెళ్ళేసరికి అక్కడ బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ కూతురు చనిపోయింది, ఆ అమ్మాయి ఫోటో ఆ సిస్టంలోనే ఉంది. మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన, ఆ వెంటనే సమాధి.

"బేగి సూడు బాబూ. సవప్పెట్టి మీద ఫోటో ఎట్టాల," అంది.

నేను పవర్ సప్లైని అనుమానించాను. మరొకటి తెచ్చి మార్చేసరికి రెండు గంటలు పోయాయి. అయినా మళ్ళీ ఆగిపోయింది. అప్పుడు గబగబా, లోపలి వేడి చూపించే బయాస్ తెర తెరిచాను. చూస్తుండగానే ప్రాసెసర్ వేడి తొంభై డిగ్రీలు దాటింది. కూలర్‌లో ద్రవాన్ని తిప్పే పంపు వేగం సున్నా. పంపు మీద వేలు పెడితే చురుక్కుమంది, అదురు మాత్రం లేదు. లోపలి ద్రవం కదలక రేడియేటర్ చల్లగానే ఉంది.

"పంపు పోయిందండీ," అన్నాను.

పాత ఫ్యాన్ కూలర్ వెతికి, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు రాసి బిగించాను. ఈసారి వేడి నలభై దగ్గర నిలిచింది. ఆవిడ అప్పటికే చర్చికి వెళ్ళిపోయింది.

ప్రింటు పట్టుకుని సమాధుల తోటకు పరిగెత్తాను. మట్టి పోయడం అయిపోయింది. ఆవిడ ఫోటోను కొంగుతో తుడిచి, "ఇంటికాడ ఎట్టుకుంతాను," అంది.

హార్డ్ డిస్కు విప్పి నా షాపులోని సిస్టానికి తగిలించి ఉంటే ఆ ఫోటో పొద్దున్నే వచ్చేది. తిరిగి వస్తుంటే దారిలో తట్టింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.