మలుపు తిరిగేదాకా

పిడుగురాళ్లలో లారీలు తూచే కాటా దగ్గర నాలుగేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కళ్లు మండితే, మా ఊళ్లో అందరిలాగే నేనూ సున్నపు దుమ్మునే తిట్టుకుంటూ మొహాన నీళ్లు కొట్టుకునేదాన్ని.

కళ్ల డాక్టరమ్మ ఒకటే అడిగింది. "కాటా లేని ఆదివారం కూడా మండుతున్నాయా?"

"లేదండీ."

"మరి దుమ్ముకి ఆదివారం సెలవా ఏంది? స్క్రీన్ చూస్తా రెప్పలెయ్యటమే మర్చిపోతన్నావు."

నాకు ఒళ్లు మండింది. అయినా మర్నాడే, ఆవిడ చెప్పినట్టు కిటికీ వెలుతురు మెరవకుండా స్క్రీన్‌ని పక్కకు తిప్పాను. చేయి చాపినంత దూరం జరిపి, కంటి మట్టానికి కాస్త కిందికి దించాను. ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్లు దూరంగా చూడమంది. గడియారం చూసే తీరిక నాకెక్కడిది? అందుకని తూకమైన ప్రతి లారీనీ హైవే మలుపు తిరిగేదాకా చూస్తూ, రెప్పలు నిండుగా వేసేదాన్ని. కొన్నాళ్లకు మంట తగ్గింది.

ఈలోగా, రాయి తోలే ఒక ముసలి డ్రైవరు మలుపు దగ్గర నాకు చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. ఒకరోజు తూకం చీటీ తీసుకుంటూ, "చానా ఏళ్లుగా లారీ తోల్తన్నానమ్మా. కనుమరుగయ్యేదాకా చూసేది నువ్వొక్కదానివే" అన్నాడు.

"జాగ్రత్తగా వెళ్లిరా బాబాయ్" అన్నాను. ఇంకేం చెప్పను?

ఇప్పుడు నరసరావుపేటలో ఆఫీసు ఉద్యోగం. ఇరవై నిమిషాలకోసారి ఫోన్‌లో అలారం మోగితే, తలెత్తి ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకును చూస్తాను. కళ్లు బాగానే ఉన్నాయి. ట్యాంకే చెయ్యి ఊపదు.