దేవుని దాసి కొట్టెను

“ఎనిమిది రకాలుగా అంటోందిట నా కొడుకు పేరు! వీధి వీధంతా విన్నారు.”

“అవి విభక్తులమ్మా. ఎనిమిదింటిలో పిలుపు ఒక్కటే. మిగతా ఏడూ అబ్బాయిగారి జోలికే పోవు.”

“ఆ ఒక్కటీ చాలదేంటండి పంతులుగారూ? కట్టుకున్నవాణ్ణి ‘ఓ’ అని కేకేస్తుందా? బండివాణ్ణి కేకేసినట్టు?”

“అది సంబోధనమండి. పుస్తకంలోనే ఉంది.”

“పుస్తకానికేమండీ, దానికి అత్తగారుందా?”

పెద్దాపురంలో మా వీధి అరుగు మీద, పరీక్ష జరగవలసిన రోజు పొద్దున్నే నడిచిన సంభాషణ ఇది. అత్తగారు అంటే మా మేనత్త, మా నాన్నకు స్వయానా అక్క. ఆవిడ కొడుక్కే నన్నిచ్చారు. పెళ్ళి అయింది గాని కాపురానికి వెళ్ళే వయసు ఇంకా రాలేదు. అత్తవారిల్లు నాలుగిళ్ళ అవతలే కనుక మా ఇంట్లో పోపు వేస్తే అక్కడ తుమ్మేవారు. పంతులుగారు ఆడపిల్లల బడిలో మాకు చదువు చెప్పే ముసలాయన. ఆడపిల్లల బడికి ముసలివాళ్ళనే వేసేవారు. వయసులో ఉన్నవాళ్ళు చెబితే చదువు మరీ ఎక్కువ వస్తుందని భయం కాబోలు.

తగువు ఎందుకు వచ్చిందంటే, మా వ్యాకరణం పుస్తకంలో విభక్తులు నేర్పడానికి వాడిన మాట మా ఆయన పేరు. పెళ్ళయిన ఆడది మొగుడి పేరు నోట పలకకూడదు. నేను ఇప్పటికీ పలకను, కాగితం మీద కూడా రాయను. అవతార పురుషుడి పేరు, చివర ‘డు’ ఉంటుంది, ఊరూరా గుడి ఉంటుంది. అంతకంటే అడగకండి. లోకంలో అన్ని మాటలుండగా ఆ పుస్తకం రాసినాయనకు అదే దొరికింది.

క్లాసులో అందరూ ఆ పేరుకు డు, ని, చేత, కొఱకు, వలన, కి, అందు వరసగా తగిలించి గొంతెత్తి అరిచేవారు. నేను పెదవులు మాత్రం ఆడించేదాన్ని. ఎవరో చూసి, ఆడిన పెదవుల మాట మోసుకెళ్ళి మా మేనత్తకు అప్పగించారు. రాని శబ్దం గురించి అంత గట్టి సాక్ష్యం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

మా నాన్న స్తంభానికి ఆనుకుని రెండు పక్కలా తల ఊపుతున్నాడు. అక్కంటే భయం, సర్కారంటే భయం. మూడో తరగతి పరీక్ష నెగ్గితే నాలుగులో కూర్చోనిస్తానని నాకు మాటిచ్చాడు. మా మేనత్త కూడా ఒక మాట ఇచ్చింది: నా నోట ఆవిడ కొడుకు మర్యాద తగ్గే మాట వస్తే ఆ రోజుతో బడి సరి. ఈ రెండు మాటల మధ్య నా చదువు ఉంది.

“పోనీ, ఇంకో మాట పెట్టుకుందామండి. ‘వాడు’ అనుకోండి. వాడు, వానిని, వానిచేత...” అన్నారు పంతులుగారు.

“నా కొడుకు వాడా?”

“అబ్బాయిగారి ఊసే లేదమ్మా అందులో! సరే, ‘తమ్ముడు’. తమ్ముడు, తమ్ముని, తమ్మునిచేత...”

“మొగుడి స్థానంలో తమ్ముణ్ణి కూచోబెడతారా! వింటున్నావుట్రా?”

మా నాన్న వింటున్నట్టు తల ఊపాడు.

“‘సేవకుడు’ అన్నా అదే కుదురుతుందండీ,” అన్నారు పంతులుగారు, కొంచెం ఆశగా. ఆ ఆశ నిలవలేదు.

“మనిషే ఎందుకు? మామిడిచెట్టు అననివ్వండి. చెట్టుకు పరువు లేదు, ఎన్నిసార్లయినా అనుకోవచ్చు.”

“చెట్టు మనిషిలా నడవదమ్మా. చెట్టుకు ‘డు’ లేదు. చెట్టును అంటాం గాని చెట్టుని అని పుస్తకం ఒప్పదు. నాకు ‘డు’తో ముగిసే మగమాట కావాలి.”

మా మేనత్త గడప మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. చివరకు, “దేవుడు అననివ్వండి. పెళ్ళానికి మొగుడు దేవుడేగా,” అంది. లోకంలో మగమాటలన్నీ ఏరి చూస్తే తన కొడుక్కి సరిపడేది అదొక్కటే దొరికింది. అప్పటికి ఆ దేవుడు రాజమండ్రిలో పినతండ్రిగారి ఇంట ఉండి చదువుకుంటూ లెక్కల్లో తప్పుతున్నాడు. పంతులుగారు రెండు చేతులా దండం పెట్టి లేచారు.

విభక్తుల గురించి నాకు మంచి అభిప్రాయం లేదని ఇక్కడే చెబుతాను. తృతీయకు చేత, చే, తోడ, తో అని నాలుగు ఎందుకు? మా వంటింట్లో పులుసుకూ పప్పుకూ గరిటె ఒకటే, కడుక్కుని వాడుకుంటాం. కాని ఒక్క సంగతి ఒప్పుకోవాలి. వాక్యంలో ఎవరు ఎక్కడ కూర్చున్నా, ఎవరి పని ఏమిటో ఆ తోక చూసి తెలుసుకోవచ్చు. పెళ్ళివారింట్లో అది తెలియదు. అక్కడ ముందు కూర్చున్నవాడే పెద్దవాడు.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. తలపాగా, కళ్ళజోడు, చేతిలో పెన్సిలు. మా ఊళ్ళో ఆడపిల్లల పరీక్ష అంటే వేడుక. ఆడవాళ్ళందరూ బడి వసారాలో చాపల మీద చేరారు, మా మేనత్త అందరికంటే ముందు, మా నాన్న అందరికంటే వెనక. పొద్దుటి ఏర్పాటు అప్పటికే ఆవిడ వసారా అంతా చెప్పేసింది: మా కోడలు దేవుడంటే ఎవరనుకున్నారు, మావాడే.

నా వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు పుస్తకంలో మాటే అడిగారు. నేను తల దించుకున్నాను. పంతులుగారు దగ్గరకు వెళ్ళి చెవిలో చెప్పారు. ఆయన నవ్వకుండా ఉండడానికి కళ్ళజోడు తుడుచుకుని, “సరే, దేవుడే కానీ,” అన్నారు.

“దేవుడు, దేవుని, దేవునిచేత, దేవునికొఱకు, దేవునివలన, దేవునికి, దేవునియందు, ఓ దేవుడా,” అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. వసారాలో ఆడవాళ్ళు తృప్తిగా కదిలారు. ఎవరో లెంపలు కూడా వేసుకున్నారు.

అక్కడితో ఆపితే ఆయన ఇన్‌స్పెక్టరు ఎందుకవుతాడు? “వల్లించడం చిలకలకూ వచ్చు. ఇదుగో మూడు మాటలు: దేవుడు, దాసి, కొట్టు. దేవుడు కొట్టినట్టు చెప్పు.”

“దేవుడు దాసిని కొట్టెను.”

వసారాలో ఎవరికీ అభ్యంతరం లేదు. మామూలు సంగతేగా.

“భేష్. ఇప్పుడు మాటల వరస కదపకూడదు. ముందున్నది ముందే, వెనకున్నది వెనకే. దెబ్బ మాత్రం అటునుంచి ఇటు రావాలి. ఎలా చెబుతావు?”

దాసి దగ్గరున్న ‘ని’ తీసేశాను. దేవుడి దగ్గరున్న ‘డు’ తీసి అక్కడ ‘ని’ పెట్టాను. దెబ్బ తగిలేవాడికే ద్వితీయ.

“దేవుని దాసి కొట్టెను.”

మా మేనత్త లేచి నిలబడింది.

“విన్నారుటమ్మా! నా కొడుకుని కొట్టిందిట! సర్కారువారి ఎదట, నిలబెట్టి కొట్టిందిట!”

“అయ్యో, కాదమ్మా, కాదు,” అంటూ పంతులుగారు గుమ్మం దాకా పరిగెత్తారు. ముసలాయన అంత చురుకుగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. “అది దెబ్బ తిన్న దేవుడు కాదండి. షష్ఠి! ‘దేవుని’ అంటే దేవుడి యొక్క. ‘యొక్క’ పైకి చెప్పకుండా మింగేస్తాం. దేవుడి తాలూకు దాసి కొట్టింది. ఎవరిని కొట్టిందో వాక్యంలో లేదు.”

“ఎవర్ని కొట్టినట్టు?”

“మనకు తెలియదమ్మా.”

“మావాణ్ణి కాదుగా?”

“ముమ్మాటికీ కాదు.”

“అలా చెప్పండి మరి. ఎవర్నయినా కొట్టుకోనీండి,” అని మా మేనత్త కూర్చుంది. పక్కావిడ విసనకర్ర అందుకుని విసురుకుంది. మా నాన్న ఊపిరి వదిలాడు.

ఇన్‌స్పెక్టరుగారి పెన్సిలు మాత్రం గాలిలోనే ఆగింది. “పంతులుగారూ, షష్ఠి అయితే నేనడిగిన జవాబు కాదు. దేవుడికి దెబ్బ తగిలి తీరాలి. తగలకపోతే అమ్మాయి తప్పినట్టే.”

ఆయన నా వైపు తిరిగారు.

“ఏమమ్మాయీ, చెప్పినదానివి నువ్వు. ద్వితీయా, షష్ఠా?”

చూడండి తమాషా! అదే మాట, అదే ‘ని’. షష్ఠి అంటే ఇంట్లో నెగ్గుతాను, బడిలో తప్పుతాను, తప్పితే నాలుగో తరగతి లేదు. ద్వితీయ అంటే బడిలో నెగ్గుతాను, మా మేనత్త మాట ఎలాగూ ఉండనే ఉంది. పంతులుగారు నా వైపు చూసి తల ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా ఊపారు. మా నాన్న నేల చూస్తున్నాడు.

రాత్రింబవళ్ళు వల్లించి నేర్చుకున్న దాన్ని, ఎవరూ నొచ్చుకోకూడదని తప్పని ఒప్పుకోవడం నాకు దండగ అనిపించింది. నేను ఏ వస్తువూ పారేసే మనిషిని కాదు. ద్వితీయకు చివర ఒక పొల్లు నకారం ఉంటుంది. మామూలుగా మింగేస్తాం. షష్ఠికి అది లేదు. ఆ మింగిన దాన్ని పైకి తీసి గట్టిగా చెప్పాను:

“దేవునిన్ దాసి కొట్టెను.”

“శభాష్!” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. “నకారం వచ్చింది కనుక ఇక యొక్కకు చోటు లేదు. ద్వితీయే. దెబ్బ దేవుడికే.” పెన్సిలు కాగితం మీద కదిలింది.

వసారా వైపు ఎవరూ చూడలేదు. చూడనవసరం లేకుండానే మా మేనత్త మెట్లు దిగి వెళ్ళడం వినిపించింది.

సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చి పీట వాల్చుకుంది. “ఆ పంతులు పాపం మంచివాడు, కప్పెట్టబోయాడు. ఇదే ‘న్’ అని వాత పెట్టినట్టు అంది,” అంది మా నాన్నతో.

“వ్యాకరణం అక్కా. నిజంగా కొట్టిందా ఏమిటి?”

“నిజంగా కొట్టేదాకా చదివిస్తావేంట్రా?”

మా నాన్న మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాడు. ఆవిడ మజ్జిగ తాగి, గ్లాసు బోర్లించి వెళ్ళింది. మా ఆయనకు ఈ సంగతి సెలవుల్లో చేరింది. “నన్ను కొట్టావటగా” అని అడిగి, ఏ విభక్తో చెబితే అర్థం కాక, తానే సర్దుకున్నాడు.

మర్నాడు పొద్దున బడి ఆయా ఎప్పటిలాగే పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి మా గుమ్మం ముందు నిలబడి పిలిచింది. మా నాన్న బయటికి వెళ్ళి, “పరీక్ష నెగ్గింది కదా, ఇంకా ఎందుకూ?” అన్నాడు. ఆయా సరేనండి అని మిగతా పిల్లలతో వెళ్ళిపోయింది. మా అమ్మ నా ముందు చేటలో పెసలు పోసింది. నేను కూర్చుని రాళ్ళు ఏరాను.